పరస్పర అంగీకార విడాకులు: గడువుల లెక్క, దాఖలు వరస, ఒప్పంద పత్రంలో తప్పక రాసుకోవాల్సినవి

ఇద్దరూ విడిపోదామనే నిర్ణయానికి వచ్చేశాక విడాకుల డిక్రీ తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. ఇలాంటి కేసులు మధ్యలో ఆగిపోయేది డబ్బు దగ్గరో, పిల్లల దగ్గరో, పాత పోలీసు కేసు దగ్గరో. "ముందు కేసు వెనక్కి తీసుకో, తర్వాత డబ్బిస్తా" అని ఒకరు, "ముందు డబ్బు చేతిలో పెట్టు, తర్వాతే సంతకం" అని ఇంకొకరు పట్టుబడతారు. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఒప్పంద పత్రానికీ, ఏ పని ముందు ఏ పని తర్వాత అన్న వరసకీ ఇచ్చాం.

ఇది హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 13బి ప్రకారం సాగే పద్ధతి. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవాళ్లకు సెక్షన్ 28 వర్తిస్తుంది, గడువులు అవే. క్రైస్తవ వివాహాలకు, ముస్లిం వివాహాలకు చట్టాలు వేరు కాబట్టి ఆ లెక్కలు వీటితో కలపకండి.

## 1. దాఖలుకు ముందు చూసుకోవాల్సినవి

చట్టం మూడు విషయాలు అడుగుతుంది. దంపతులు కనీసం ఏడాదిగా విడిగా ఉంటుండాలి. కలిసి బతకలేకపోయారని చెప్పగలగాలి. పెళ్లి రద్దు చేసుకోవాలని ఇద్దరూ స్వేచ్ఛగా ఒప్పుకొని ఉండాలి.

"విడిగా ఉండటం" అంటే వేర్వేరు ఇళ్లలో ఉండటమే కానక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉంటూ కూడా భార్యాభర్తలుగా జీవించకపోతే అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. అయితే ఒకే చిరునామా చూపిస్తే జడ్జి తప్పకుండా ప్రశ్నిస్తారు. అప్పుడు ఎప్పటి నుంచి, ఎలా విడిగా ఉంటున్నారో పిటిషన్‌లోనే రెండు వాక్యాల్లో రాసి ఉండాలి.

విడిపోయిన తేదీ చాలా ముఖ్యం. "సుమారు రెండేళ్ల క్రితం" అని రాస్తే గడువుల లెక్క కుదరదు. పుట్టింటికి వెళ్లిన రోజో, వేరే అద్దె ఇల్లు తీసుకున్న రోజో, ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్లి మళ్లీ కలవని రోజో, ఒక్క తేదీ మీద ఇద్దరూ ముందే ఒప్పుకోండి. పాత గృహ హింస కేసు, అంటే డీవీసీలోనో, భరణం కేసులోనో ఇప్పటికే ఒక తేదీ రాసి ఉంటే అదే వాడండి. రెండు కేసుల్లో రెండు తేదీలు కనిపిస్తే ఆ తేడా ఎందుకొచ్చిందో కోర్టులో చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. పెద్దమనుషుల సమక్షంలో వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయించుకున్న "విడాకుల పత్రం"తో పెళ్లి రద్దు కాదు. తరతరాలుగా రుజువు చేయగల కుల ఆచారం ఉన్న కొన్ని వర్గాలకు చట్టం మినహాయింపు ఇచ్చింది గానీ, ఆ ఆచారాన్ని నిరూపించే భారం దాన్ని చెప్పుకునేవాళ్లదే. అలాంటి కాగితం నమ్ముకుని రెండో పెళ్లి చేసుకుంటే ద్విభార్యత్వం కేసు మెడకు చుట్టుకుంటుంది.

## 2. గడువుల లెక్క: ఒక ఉదాహరణ

ఇద్దరూ కోర్టుకు రెండు విడతలుగా అంగీకారం చెప్పాలి: పిటిషన్ వేసి స్టేట్‌మెంట్ ఇచ్చేది మొదటి మోషన్, గడువు తర్వాత మళ్లీ వచ్చి అదే మాట చెప్పేది రెండో మోషన్. ఇందులో మూడు గడువులు ఉన్నాయి: దాఖలుకు ముందు ఒక ఏడాది, దాఖలు తర్వాత ఆరు నెలలు, గరిష్ఠంగా పద్దెనిమిది నెలలు. ఇవి ఏ రోజు నుంచి మొదలవుతాయన్న దగ్గరే అందరూ తడబడతారు.

ఒక జంట 2024 జూన్ 10 నుంచి విడిగా ఉంటున్నారనుకుందాం. ఏడాది నిండేది 2025 జూన్ 10కి. వాళ్లు 2025 ఆగస్టు 4న పిటిషన్ వేశారు.

- రెండో మోషన్‌కు అర్హత వచ్చే తేదీ: 2026 ఫిబ్రవరి 4.
- రెండో మోషన్‌కు చివరి గడువు: 2027 ఫిబ్రవరి 4.

ఈ రెండూ పిటిషన్ కోర్టులో సమర్పించిన తేదీ నుంచి లెక్క. కోర్టులో మొదటి స్టేట్‌మెంట్ ఇచ్చిన రోజు నుంచి కాదు. ఆఫీసు అభ్యంతరాలతో పిటిషన్ రెండుసార్లు వెనక్కొచ్చి, నంబరు పడటానికి నెల పట్టి, స్టేట్‌మెంట్ సెప్టెంబరు చివర్లో ఇచ్చినా ఆరు నెలల లెక్క ఆగస్టు 4 నుంచే నడుస్తుంది. సమర్పించిన తేదీ ముద్ర ఉన్న కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

ఆరు నెలల నిరీక్షణ తప్పించుకోలేమా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదనీ, తగిన కేసుల్లో కోర్టు మినహాయించవచ్చనీ తేల్చింది. అందుకు కోర్టు చూసేవి ఇవి: దాఖలు నాటికే ఏడాది మీద మరో ఆరు నెలలు, అంటే మొత్తం ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. కలిపే ప్రయత్నాలన్నీ విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంరక్షణ, ఇతర వివాదాలు నిజంగా పరిష్కారమై ఉండాలి. ఇంకా ఆగడం వల్ల బాధ పెరగడమే తప్ప ప్రయోజనం లేదనిపించాలి. మొదటి మోషన్ అయిన వారం తర్వాత, కారణాలు చూపుతూ మినహాయింపు దరఖాస్తు వేయవచ్చు. 2021లో అమిత్ కుమార్ కేసులో ఈ షరతులను మరీ యాంత్రికంగా చూడొద్దని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి విచక్షణే.

పై ఉదాహరణ చూడండి. ఆగస్టు 4 నాటికి వాళ్లు విడిపోయి పద్నాలుగు నెలలు కూడా నిండలేదు. మినహాయింపు దరఖాస్తు బలహీనంగా ఉంటుంది. అదే వాళ్లు 2025 డిసెంబరు 10 దాటాక వేసి ఉంటే ఏడాదిన్నర నిండేది, దరఖాస్తుకు బలం ఉండేది. జడ్జి ఒప్పుకుంటే దాదాపు అదే సమయానికి, అంటే 2026 తొలి నెలల్లో డిక్రీ వచ్చేది. కాబట్టి ఏడాది నిండగానే వేయడమా, ఏడాదిన్నర దాకా ఆగడమా అన్నది ముందే లెక్క వేసుకోవాలి. మా సలహా ఒకటే: ఒప్పందం ఖరారై ఉంటే ఆగకుండా వేసేయండి. మినహాయింపు దొరకొచ్చు, దొరకకపోవచ్చు. ఆరు నెలల గడియారం మాత్రం వేసిన రోజు నుంచి నడుస్తుంది.

పద్దెనిమిది నెలలు దాటితే? రెండో మోషన్ ఆలోపు రాకపోతే డిక్రీ ఇవ్వాల్సిన బాధ్యత కోర్టుకు ఉండదని 2011లో హితేష్ భట్నాగర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉదాహరణకు ఇద్దరిలో ఒకరు అమెరికాలో ఉండిపోయి సెలవు దొరకలేదంటూ వాయిదాల మీద వాయిదాలు అడిగితే మొత్తం మొదటికొస్తుంది.

## 3. ఎక్కడ వేయాలి, ఏ కాగితాలు కావాలి

పెళ్లి జరిగిన చోట, చివరిసారి ఇద్దరూ కలిసి ఉన్న చోట, లేదా ప్రస్తుతం భార్య ఉంటున్న చోట వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉన్న ఊళ్లలో అక్కడే వేయాలి. ఫ్యామిలీ కోర్టు లేనిచోట ఆ అధికారం ఏ సివిల్ కోర్టుకు ఉందో మీ లాయరు చెబుతారు.

కోర్టుకు రెండుసార్లయినా వెళ్లాల్సి ఉంటుంది కాబట్టి, చిన్న పిల్లలున్న వాళ్లకు లేదా ఉద్యోగానికి సెలవు దొరకని వాళ్లకు ఏ ఊరు దగ్గరో చూసి ఎంచుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ☐ పెళ్లి ఫొటో (తాళి కట్టేటప్పటిదో, తలంబ్రాలదో), శుభలేఖ, ఉంటే వివాహ నమోదు సర్టిఫికెట్
- ☐ ఇద్దరి ఆధార్, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- ☐ పిల్లల పుట్టిన తేదీ సర్టిఫికెట్లు
- ☐ విడిగా ఉంటున్నట్టు చూపే చిరునామా రుజువు (అద్దె ఒప్పందం, గ్యాస్ బిల్లు, ఆఫీసు లెటర్)
- ☐ ఇప్పటికే నడుస్తున్న ప్రతి కేసు నంబరు, కోర్టు పేరు, దశ
- ☐ సంతకాలు పూర్తయిన ఒప్పంద పత్రం

పేరు స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త. శుభలేఖలో ఒక పేరు, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి ఇంకో పేరు, పాస్‌పోర్టులో పెళ్లి తర్వాత మార్చుకున్న మూడో పేరు ఉంటాయి. పిటిషన్ హెడ్డింగులో అన్నీ "అలియాస్"తో రాయించండి. లేకపోతే డిక్రీ వచ్చాక పాస్‌పోర్టు ఆఫీసులో ఇబ్బంది పడతారు.

ఇద్దరికీ ఒకే లాయరు ఉండటం మామూలే, ఖర్చూ తగ్గుతుంది. కానీ ఒప్పంద పత్రాన్ని మాత్రం ఎవరికి వాళ్లు వేరే లాయరుకు ఒక్కసారి చూపించుకోవాలి.

## 4. ఒప్పంద పత్రం: అసలు పని ఇక్కడే

దీన్ని ఎంవోయూ అంటారు, రాజీ ఒప్పందం అంటారు. పేరేదైనా, పిటిషన్‌తో పాటు దాఖలు చేసి, "ఈ షరతులు డిక్రీలో భాగం చేయాలి" అని పిటిషన్ చివర కోర్టును కోరే ప్రార్థన భాగంలో అడగాలి. ఈ వాక్యం లేకపోతే ఒప్పందం రెండు వైపుల బీరువాల్లో పడి ఉండే కాగితమే. డిక్రీలో భాగమైతే మాట తప్పినవాళ్ల మీద ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి అమలు చేయించుకోవచ్చు.

### 4.1 డబ్బు: ఎంత, ఎప్పుడు, ఎలా

మొత్తం ఎంతో తేలాక, దాన్ని ఏ మెట్టు దగ్గర ఎంత ఇవ్వాలో విడగొట్టండి. సూత్రం ఇది: ఏ దశలోనూ ఒక పక్క వాళ్లు ఇవ్వాల్సిందంతా ఇచ్చేసి, ఇంకో పక్క వాళ్లు చేయాల్సిందంతా మిగిలి ఉండకూడదు.

భర్త 24 లక్షలు ఇవ్వాలి, భార్య పెట్టిన క్రిమినల్ కేసు ఒకటి నడుస్తోంది అనుకుందాం. ఇలా విడగొట్టవచ్చు:

- మొదటి మోషన్ స్టేట్‌మెంట్ రోజున 6 లక్షలు, డీడీ రూపంలో, కోర్టులోనే.
- రెండో మోషన్ రోజున 10 లక్షలు. అదే రోజు డీవీసీ, భరణం కేసుల ఉపసంహరణ మెమోల మీద భార్య సంతకం.
- హైకోర్టులో క్రిమినల్ కేసు కొట్టివేతకు భార్య హాజరై అంగీకారం చెప్పిన రోజున 8 లక్షలు.

చివరి విడత దగ్గర ఇద్దరికీ ఒక పట్టు ఉంది. డబ్బు రాకపోతే భార్య హైకోర్టులో అంగీకరించదు. భార్య రాకపోతే భర్త దగ్గర 8 లక్షలు ఉంటాయి. క్రిమినల్ కేసే లేకపోతే మూడో విడత అక్కర్లేదు, మిగిలినదంతా రెండో మోషన్ రోజునే ఇచ్చేయాలి.

డీడీ చెల్లుబాటు మూడు నెలలే. వాయిదా పడుతుందేమోనన్న అనుమానం ఉంటే వాయిదాకు రెండు మూడు రోజుల ముందు తీయండి. డీడీ నంబరు, తేదీ, బ్యాంకు శాఖ స్టేట్‌మెంట్‌లో నమోదయ్యేలా చూసుకోండి. నగదు వద్దు. 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది, పైగా "ఇచ్చాను, ఇవ్వలేదు" తగాదా మళ్లీ మొదలవుతుంది.

భరణం ఏకమొత్తంగా ఇస్తే సాధారణంగా దాన్ని పన్ను పడే ఆదాయంగా చూడరు. నెలనెలా వచ్చే భరణాన్ని ఆదాయంగా చూస్తారు. మొత్తం ఖరారు చేసేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇకపై భరణం అడగను అన్న షరతు ఉంటే దాన్ని వివరంగా రాయాలి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 25 ప్రకారం డిక్రీ రోజునే కాదు, ఆ తర్వాత కూడా శాశ్వత భరణం అడిగే వీలుంది. అందుకని "గత, ప్రస్తుత, భవిష్యత్ భరణం సహా అన్ని క్లెయిములకూ ఇది పూర్తి, తుది పరిష్కారం" అన్న వాక్యంతో పాటు, ఏయే కేసుల కింద అడిగిన భరణం ఇందులో కలిసిందో నంబర్లతో రాయండి. భరణం బకాయిలు ఉంటే అవి ఈ 24 లక్షల్లో కలిశాయా, వేరేనా అన్నది కూడా తేల్చండి. దీన్ని చాలామంది వదిలేస్తారు.

### 4.2 పిల్లలు

తల్లి తన భరణం వదులుకోవచ్చు గానీ, పిల్లల భరణాన్ని వదులుకునే హక్కు ఆమెకు లేదు. "పాప కోసం ఏమీ అడగను" అని రాసిచ్చినా, పాప తరఫున రేపు కేసు వేయవచ్చు. సంరక్షణ షరతులు కూడా పిల్లల మేలు కోసం కోర్టు తర్వాత మార్చగలదు. తల్లిదండ్రుల మధ్య కుదిరింది కదా అని అది శాశ్వతం కాదు.

"తండ్రి వీలున్నప్పుడు చూసుకోవచ్చు" అన్న వాక్యం గొడవలకు విత్తనం. దాని బదులు ఇలా రాయండి:

> పాప తల్లి సంరక్షణలో ఉంటుంది. ప్రతి నెలా రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకు తండ్రి తల్లి ఇంటి గేటు దగ్గర పాపను తీసుకెళ్లి, సాయంత్రం 6 గంటలకు అక్కడే అప్పగిస్తాడు. బుధ, ఆదివారాల్లో రాత్రి 7.30కు పదిహేను నిమిషాల వీడియో కాల్. సంక్రాంతి సెలవుల్లో మొదటి సగం తండ్రి దగ్గర, దసరా సెలవుల్లో రెండో సగం తండ్రి దగ్గర. పాపకు ఒంట్లో బాగాలేక ఒక శనివారం తప్పితే తర్వాతి శనివారం ఇవ్వాలి.

ఖర్చుల విషయంలో నెలవారీ మొత్తం, అది ఎన్నేళ్లకు ఎంత శాతం పెరుగుతుంది, ఏ తేదీలోపు ఏ ఖాతాలో పడాలి అన్నవి రాయాలి. స్కూలు ఫీజు దీనికి అదనమా, ఇందులోనేనా? ఆసుపత్రి ఖర్చు, ఇంటర్ తర్వాతి చదువు ఎవరిది? ఇప్పుడు నెలకు 15,000 సరిపోతుందనుకున్నది పదేళ్లకు సరిపోదు, కాబట్టి పెరుగుదల వాక్యం లేకుండా సంతకం చేయకండి.

పాస్‌పోర్టు సంగతి ఎక్కువమంది మరిచిపోతారు. పిల్లల పాస్‌పోర్టు తీసుకోవడానికీ, పునరుద్ధరించుకోవడానికీ రెండో వారి అంగీకారం అడగవచ్చు. "పాస్‌పోర్టు, వీసా, స్కూలు టీసీ కోసం సంతకం అడిగిన 15 రోజుల్లో ఇవ్వాలి, విదేశాలకు తీసుకెళ్లాలంటే 30 రోజుల ముందు టికెట్ వివరాలతో తెలపాలి" అని రాసుకుంటే సరిపోతుంది.

### 4.3 బంగారం, సారె సామాన్లు

"స్త్రీధనం మొత్తం తిరిగి ఇచ్చేశారు" అని ఒక్క ముక్కలో రాయకండి. జాబితా వేయండి: కాసుల పేరు 48 గ్రాములు, గాజులు నాలుగు 40 గ్రాములు, వడ్డాణం, వెండి పళ్లెం, ఇలా. ప్రతి వస్తువు ఎదురుగా "అందింది" అన్న సంతకం, తేదీ. లాకర్‌లో ఉంటే ఏ బ్యాంకు, ఏ శాఖ, ఎవరి సమక్షంలో ఏ రోజు తెరుస్తారో రాయాలి. వస్తువులు ఫొటో తీసి జతచేస్తే మంచిది.

బీరువా, మంచం, ఫ్రిజ్ లాంటి సారె సామాన్ల కోసం ఒక రోజు, ఒక వ్యాను, ఇరువైపులా ఒక్కొక్క మనిషి. అంతకంటే ఎక్కువమంది వస్తే గొడవే.

### 4.4 ఇల్లు, అప్పు

ఇద్దరి పేరా ఉన్న ఫ్లాటు ఒకరికి వెళ్తుందని ఒప్పందంలో రాస్తే సరిపోదు. హక్కు మారాలంటే సబ్ రిజిస్ట్రార్ దగ్గర విడుదల దస్తావేజో, గిఫ్ట్ సెటిల్‌మెంటో రిజిస్టర్ కావాలి. డిక్రీ ద్వారానే మార్చాలనుకుంటే ఆ ఆస్తిని సర్వే నంబరు, హద్దులతో సహా పిటిషన్ షెడ్యూల్‌లో చూపించాలి. కేసులో లేని ఆస్తిని రాజీ డిక్రీతో మారిస్తే మళ్లీ రిజిస్ట్రేషన్ తప్పదు.

వీలైతే డిక్రీకి ముందే రిజిస్టర్ చేయించండి. అప్పటికి ఇంకా భార్యాభర్తలే కాబట్టి కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్ సెటిల్‌మెంట్‌కు ఉండే తక్కువ స్టాంపు డ్యూటీ వర్తిస్తుంది. డిక్రీ తర్వాత చట్టం దృష్టిలో ఇద్దరూ బయటివాళ్లు. అయితే ముందే రాసిచ్చేవాళ్లకు రక్షణగా, దాని విలువను ఒక విడత చెల్లింపుగా లెక్కించాలి.

హోమ్ లోన్ ఇద్దరి పేరా ఉంటే? "ఇకపై ఈఎంఐలు భర్తే కడతాడు" అన్న షరతు బ్యాంకును కట్టిపడేయదు, ఎందుకంటే బ్యాంకు ఈ ఒప్పందంలో లేదు. భర్త కట్టకపోతే నోటీసు భార్యకూ వస్తుంది, ఆమె సిబిల్ స్కోరూ పడిపోతుంది. రెండో మోషన్‌లోపు బ్యాంకు నుంచి సహ రుణగ్రహీత పేరు తొలగించిన లేఖ తేవాలని, లేదా అప్పు తీర్చేయాలని షరతు పెట్టండి.

పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్లు రాసిచ్చిన పొలం ఉంటే, అది ఎవరి పేరున రిజిస్టరైందో ఈసీ తీసి చూడండి. అల్లుడి పేరు కూడా కలిపి రాసిన దస్తావేజులు చాలానే ఉంటాయి.

### 4.5 పెండింగ్ కేసులు

ప్రతి కేసుకూ ఒక వరస: నంబరు, కోర్టు, ఎవరు ఉపసంహరించుకోవాలి, ఏ రోజులోపు. "అన్ని కేసులూ వెనక్కి తీసుకుంటారు" అన్న వాక్యం పనికిరాదు.

ఎక్కువగా ఇరుక్కునేది భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే 498-ఎ కేసు దగ్గర. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు ఇది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. ఈ కేసుతో పాటు సాధారణంగా వరకట్న నిషేధ చట్టం సెక్షన్లు 3, 4 కూడా పెడతారు. ఆ చట్టం కింద నేరాలు రాజీకి వీలులేనివి. అందువల్ల కింది కోర్టులో ఇద్దరూ ఒప్పుకున్నా కేసు మొత్తంగా పోదు. దారి హైకోర్టులో కొట్టివేత పిటిషన్: పాత చట్టంలో సెక్షన్ 482, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 528. భార్యాభర్తల గొడవల్లో నిజమైన రాజీ కుదిరితే హైకోర్టు ఇలాంటి కేసులు కొట్టేయవచ్చని 2003లో బి.ఎస్. జోషి, 2012లో జ్ఞాన్ సింగ్ తీర్పుల్లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఆ పిటిషన్‌లో నిందితులందరి పేర్లూ ఉండాలి. భర్త ఒక్కడే వేస్తే అత్తమామలు, ఆడపడుచు మీద కేసు అలాగే మిగిలిపోతుంది. లుకౌట్ సర్క్యులర్ ఉంటే, కొట్టివేత ఉత్తర్వు కాపీ పోలీసులకు ఇచ్చి దాన్ని ఎత్తేయించుకోవాలి. అది దానంతటదే తొలగిపోదు, ఎయిర్‌పోర్టులో ఆపేసినప్పుడు తెలుస్తుంది.

### 4.6 ఎవరైనా వెనక్కి తగ్గితే

డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం ఉపసంహరించుకోవచ్చు. డబ్బు తీసుకున్నాక కూడా కోర్టు బలవంతంగా విడాకులు ఇవ్వదు. కాబట్టి ఆ పరిస్థితికి ముందే రాసుకోవాలి: తీసుకున్న 6 లక్షలు 30 రోజుల్లో తిరిగివ్వాలా, లేక భరణం బకాయిల కింద జమ అవుతుందా, ఉపసంహరించుకున్న కేసులను మళ్లీ తెరిచే హక్కు ఉంటుందా. ఒప్పంద షరతులు పాటిస్తామని ఇద్దరూ కోర్టుకు హామీ ఇచ్చినట్టు స్టేట్‌మెంట్‌లో రాయించండి. అలా హామీ ఇచ్చి తప్పితే కోర్టు ధిక్కార చర్యకు ఆస్కారం ఉంటుంది.

## 5. మొదటి మోషన్ రోజు

ఇద్దరూ హాజరవుతారు. ప్రమాణ పత్రాలు దాఖలవుతాయి, పెళ్లి ఫొటో, శుభలేఖ, ఆధార్ కాపీలు ఎగ్జిబిట్లుగా మార్కు అవుతాయి. కోర్టు కౌన్సెలింగ్‌కు పంపవచ్చు. అక్కడ ఒక పూట పోయినా ఓపిగ్గా వెళ్లండి. కలిపే ప్రయత్నం జరిగిందన్న నివేదిక మినహాయింపు దరఖాస్తుకు పనికొస్తుంది.

ఒరిజినల్స్ తీసుకెళ్లండి. మొదటి విడత డీడీ జిరాక్సు కోర్టుకు, అసలు అవతలి వారికి, అందినట్టు సంతకం మీకు.

## 6. రెండో మోషన్ రోజు

జడ్జి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే: ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారు? ఎవరైనా బలవంతం చేశారా? మళ్లీ కలిసే అవకాశం ఉందా? డబ్బు, నగలు అందాయా? పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? జవాబులు పిటిషన్‌లో రాసినదానితో కలవాలి. ఇద్దరూ వేర్వేరు తేదీలు చెబితే వాయిదా పడుతుంది.

ఒకరు రాకపోతే అంగీకారం ఉన్నట్టే అనుకుని డిక్రీ ఇవ్వడం కుదరదని 2009లో స్మృతి పహారియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రావడం కుదరకపోతే ముందుగానే వీడియో కాన్ఫరెన్స్‌కు దరఖాస్తు వేయాలి.

డిక్రీ డ్రాఫ్టులో ఒప్పంద షరతులు ఉన్నాయో లేదో ఆ రోజే లాయరుతో చూపించుకోండి. "ఎంవోయూ డిక్రీలో భాగం" అన్న వాక్యం రాకపోతే వెంటనే సవరణ అడగాలి.

## 7. ఒకరు విదేశాల్లో ఉంటే

విదేశంలో ఉన్నవాళ్లు తండ్రికో, అన్నకో తమ తరఫున వ్యవహరించే అధికార పత్రం, అంటే జీపీఏ ఇచ్చి పిటిషన్ నడిపించవచ్చు. దాన్ని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. జీపీఏలో "సెక్షన్ 13బి పిటిషన్ దాఖలు, ప్రమాణ పత్రాలు, స్టేట్‌మెంట్, రాజీ షరతులు, చెల్లింపుల స్వీకరణ" అని విడివిడిగా అధికారాలు రాయాలి. అయినా అంగీకారం స్వయంగా విన్నామని తృప్తి పడేందుకు జడ్జి వీడియోలో హాజరు కమ్మంటారు. సిద్ధంగా ఉండండి.

అమెరికాలోనే విడాకులు తీసుకుంటే ఇక్కడ చెల్లుతుందా? తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో భర్త మిస్సోరి కోర్టులో తెచ్చుకున్న డిక్రీని, 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు గుర్తించలేదు. రెండో వారు స్వచ్ఛందంగా ఆ కోర్టు పరిధికి ఒప్పుకోవడం, మన వివాహ చట్టంలో ఉన్న కారణాల మీదే విడాకులు రావడం లాంటివి చూస్తారు. పెళ్లి ఇక్కడ జరిగి, ఇద్దరూ ఒప్పుకున్నవాళ్లయితే ఇక్కడే 13బి కింద తీసుకోవడం మేలు.

## 8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

విడిపోయిన తేదీ తప్పుగా రాశారు. రెండో మోషన్‌కు ముందే సవరణ పిటిషన్ వేయండి. స్టేట్‌మెంట్‌లో నోటితో సరిచేస్తే కుదరదు.

డబ్బంతా మొదట్లోనే ఇచ్చేశారు. అది ఏ ఒప్పందం కింద ఇచ్చారో చూపే బ్యాంకు రికార్డుతో రసీదు తీసుకుని, పిటిషన్‌కు జతచేయండి. మిగతా పనులకు తేదీలు పెట్టి అనుబంధ ఒప్పందం రాసుకోండి.

విడాకులైతే అయిపోయాయి, క్రిమినల్ కేసు మిగిలింది, భార్య సహకరించడం లేదు. రాజీ ప్రకారం విడాకులు, డబ్బు పొంది కేసు కొనసాగించడం న్యాయ ప్రక్రియ దుర్వినియోగమని 2004లో రుచి అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ, ఒప్పందం, చెల్లింపుల రుజువులతో హైకోర్టుకు వెళ్లాలి. కాగితాలు పక్కాగా ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

అసలు నడుస్తున్నది ఒకరు వేసిన విడాకుల కేసు, మధ్యలో రాజీ కుదిరింది. దాన్ని 13బి కిందకు మార్చమని ఇద్దరూ కలిసి దరఖాస్తు వేయడమో, అది ఉపసంహరించుకుని కొత్తది వేయడమో చేస్తారు. ఏది తొందరగా తేలుతుందన్నది ఆ కోర్టు అలవాటు మీద ఆధారపడి ఉంటుంది, లాయరును అడగండి.

## 9. డిక్రీ చేతికొచ్చాక

డిక్రీ కాపీ ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం సెక్షన్ 23(4) చెబుతోంది. అయినా అదనంగా రెండు మూడు ధ్రువీకృత కాపీలకు దరఖాస్తు పెట్టుకోండి. పాస్‌పోర్టు, వీసా, బ్యాంకు, ఒక్కొక్కరు ఒక్కొక్కటి అడుగుతారు.

మళ్లీ పెళ్లి విషయంలో, ఫ్యామిలీ కోర్టు ఇద్దరి అంగీకారంతో ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు. అయినా అప్పీలు గడువైన 90 రోజులు ఆగమని చాలామంది లాయర్లు సలహా ఇస్తారు. ముహూర్తం తొందర లేకపోతే ఆగడమే మంచిది.

- ☐ పాస్‌పోర్టులో జీవిత భాగస్వామి పేరు మార్పు
- ☐ పీఎఫ్, ఎల్ఐసీ, బ్యాంకు ఖాతాల నామినీ మార్పు (డిక్రీ వచ్చినంత మాత్రాన పాత నామినీ పేరు దానంతటది మారదు)
- ☐ ఆఫీసు గ్రూపు ఆరోగ్య బీమాలో పేర్ల సవరణ. పిల్లలు ఎవరి పాలసీలో ఉంటారో ఖరారు
- ☐ జాయింట్ ఖాతాలు, లాకరు మూసివేత
- ☐ లోన్ నుంచి పేరు తొలగింపు లేఖ
- ☐ ప్రతి పాత కేసూ ముగిసినట్టు ఉత్తర్వు కాపీ; ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో కేసు నంబరు కొట్టి "డిస్పోజ్డ్" అని పడిందో లేదో స్వయంగా చూసుకోవడం
- ☐ చివరి విడత చెల్లింపు రసీదు, ఒప్పందం అసలు, డిక్రీ ఒకే ఫైలులో